చిలకా, చిలుకా? గళ్ళ నుడికట్టులో ఏ రూపం రాయాలో తేల్చుకోవడం ఎలా

గళ్ళ నుడికట్టు నింపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "జవాబు తెలిసింది. కానీ మేం పలికేది ఒకలా, పుస్తకంలో ఉన్నది ఇంకోలా. గడిలో ఏది రాయాలి?" పెళ్ళా పెండ్లా, బతుకా బ్రతుకా, నాలుకా నాలికా, గుర్రం అనా గుర్రము అనా? జవాబు తెలియక గడి ఖాళీగా వదిలేస్తే అంత బాధుండదు. జవాబు తెలిసీ ఒక్క గుణింతం దగ్గర తప్పితే మాత్రం మరుసటి వారం సమాధానాలు చూసినప్పుడు ఒళ్ళు మండుతుంది.

చాలామంది వెంటనే నిఘంటువు తీస్తారు. నా లెక్కలో నిఘంటువు చివరి మెట్టు. తేల్చాల్సిన సంగతిలో ఎక్కువ భాగం గళ్ళలోనే ఉంటుంది, మిగిలింది ఆధారంలో ఉంటుంది. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరసగా చెబుతాను.

కావలసినవి

- పెన్సిలు, రబ్బరు. పెన్నుతో నింపే అలవాటుంటే ఈ పద్ధతి పనికిరాదు.
- అదే పత్రికలో, అదే కూర్పరి ఇచ్చిన పాత నుడికట్లు మూడు నాలుగు, వాటి సమాధానాలతో సహా.
- ఒక నిఘంటువు. ఇంట్లో శబ్దరత్నాకరం ఉన్నా సరే, ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచినా సరే.
- నోట్‌బుక్కులో ఒక ఖాళీ పేజీ. కూర్పరి అలవాట్లు రాసుకోవడానికి.

1. ముందు అక్షరాలు లెక్కపెట్టండి

తెలుగు నుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, వత్తు, సున్నా, విసర్గ అన్నీ ఆ అక్షరంతోనే ఒకే గడిలో కూర్చుంటాయి. పుస్తకం అంటే పు-స్త-కం, మూడు గళ్ళు. పుస్తకము అంటే పు-స్త-క-ము, నాలుగు. అంతఃపురం అంటే అం-తః-పు-రం, నాలుగు. ఆధారం పక్కన కుండలీకరణాల్లో ఇచ్చే అంకె ఈ లెక్కే.

కొన్ని జంట రూపాల తగువు ఈ లెక్కతోనే తీరిపోతుంది. పొలం రెండు, పొలము మూడు. ఏంటి రెండు, ఏమిటి మూడు. మామిడాకు నాలుగు, మామిడి ఆకు ఐదు. చెప్పాడు మూడు, చెప్పినాడు నాలుగు. అంకె ఏది చెబితే అది రాసి ముందుకు పోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకచోట "ము" వచ్చింది కదా అని గళ్ళన్నిటా "ము" వస్తుందనుకోకండి. ఈనాటి రాతలో "అ" మీద వచ్చే "ము" సున్నాగా మారింది. పొలము పొలం అయింది, గుర్రము గుర్రం అయింది. ఎకారం మీద వచ్చేదీ అంతే, పళ్ళెము పళ్ళెం అయింది. కానీ ముందు అక్షరం ఉకారంతో ఉంటే "ము" చాలావరకు నిలిచే ఉంది. ఇనుము, కుడుము అనే రాస్తాం. నడుము మాత్రం నోట్లో నడుం అవుతుంది, రాతలో రెండూ కనిపిస్తాయి. ఇక పాము పాముగానే ఉంటుంది. అందుకని ఒకే నుడికట్టులో గుర్రం (2), కుడుము (3) పక్కపక్కనే కనిపిస్తే కూర్పరి నిలకడ లేనివాడనుకోనక్కర్లేదు. అది భాష నడక.

లెక్కలో చిక్కు తెచ్చేది పొల్లు. డాక్టర్ అనే మాటకు కొందరు కూర్పరులు డా-క్ట-ర్ అని పొల్లుకు విడిగా గడి ఇస్తారు, కొందరు డా-క్టర్ అని రెండు గళ్ళలో సర్దుతారు. ఇందులో అందరికీ ఒకే నియమం లేదు. (2) అని ఉంటే రెండో పద్ధతి అని తెలిసిపోతుంది. (3) అని ఉంటే డాక్టర్ కావచ్చు, డాక్టరు కావచ్చు. దాన్ని తేల్చడానికి మూడో మెట్టు ఎక్కాలి.

2. ఇవి నిజంగా రెండు రూపాలా, ఒక రూపమూ ఒక తప్పూనా?

అంకె తేల్చలేదంటే రెండు రూపాలకూ ఒకే లెక్క అన్నమాట. అప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇది. మీ దగ్గరున్న రెండిటినీ అచ్చులో చూశారా, లేక ఒకటి చెవికి వినిపించేది మాత్రమేనా?

చిలక, చిలుక రెండూ అచ్చులో ఉన్నాయి. పెళ్ళి, పెండ్లి కూడా అంతే. బతుకు, బ్రతుకు, ముఖం, మొహం, మొగం కూడా అంతే. వీటిలో ఏదైనా రావచ్చు. ఇవి అసలైన జంటలు.

కథను కధ అనడం, చిహ్నాన్ని చిన్హం అనడం, బ్రహ్మను బ్రమ్హ అనడం వేరు. నోట్లో అలా తిరుగుతాయి, రాతలో ఒకటే సరైనది. వీటిలో మీ చెవి సాక్ష్యం చెల్లదు. నిఘంటువు రూపమే రాయండి. అర్థం, అర్ధం మరీ పొంచి ఉండే జంట. మాటల్లో తేడా తెలియదు, కానీ మొదటిది భావం, రెండోది సగం. ఆధారం "సగం (2)" అని ఉంటే అర్ధమే. అక్కడ థ రాస్తే తప్పే.

ఒక మినహాయింపు ఉంది. కూర్పరి కూడా మనిషే. "కట్టుకథలో ఉండేది (2)" అని అడ్డం ఆధారం ఉండి, దాని రెండో గడి నుంచి కిందికి "డబ్బు (2)" అనే ఆధారానికి ధనం రావాల్సి ఉందనుకోండి. అక్కడ కూర్పరి మనసులో ఉన్నది కధ. మీరు కథ అని రాస్తే భాషకు న్యాయం జరుగుతుంది, నిలువు మాటకు అన్యాయం జరుగుతుంది. బహుమతి మాత్రం ఆ తప్పు రాసినవాళ్ళకే వస్తుంది. నేనైతే ముందు ధనానికి బదులు అక్కడ ఇంకేదైనా మాట ఇముడుతుందేమో చూస్తాను. ఏదీ ఇమడకపోతే కధ అనే రాస్తాను.

3. తేడా ఏ గడిలో ఉందో గుర్తించి, ఆ గడిని కోసే మాట చూడండి

అసలైన పని ఇక్కడుంది. తొందరపడకండి.

రెండు రూపాలనూ గళ్ళుగా విడగొట్టి ఒకదాని కింద ఒకటి రాయండి.

చి – ల – క
చి – లు – క

తేడా రెండో గడిలోనే ఉంది. అంటే మొదటి గడినీ మూడో గడినీ కోసే మాటలు మీకు ఎంత గట్టిగా తెలిసినా ఈ తగువు తేలదు. రెండో గడిలోంచి వెళ్ళే నిలువు మాటే కావాలి. "చి కుదిరింది, క కుదిరింది, అంతా సరే" అనుకుని లేచిపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

ఇప్పుడు ఆ నిలువు మాటలో ఈ గడి ఎక్కడుందో చూడండి. మొదట్లోనా, మధ్యలోనా, చివరా? నిలువు మాట ఇంకా తెలియకపోయినా సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

గడి నిలువు మాటకు మొదలైతే "ల" వైపు మొగ్గండి. "ల"తో మొదలయ్యే మాటలకు కరువు లేదు. లవణం, లలన, లత. "లు"తో మొదలయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, లుబ్ధుడు లాంటివి. లుంగీ ఉంది కదా అంటారేమో. దాని మొదటి గడి "లుం", "లు" కాదు.

గడి నిలువు మాటకు చివరైతే లెక్క తిరగబడుతుంది. మన బహువచనాల్లో చాలావరకు "లు"తో ముగుస్తాయి. పూలు, పనులు, కాయలు లాంటివి. ఏకవచనంలో కూడా కాలు, తేలు, వేలు ఉన్నాయి. అప్పుడు చిలుక అయ్యే అవకాశం ఎక్కువ.

మధ్యలో పడితే ఏమీ చెప్పలేం. కలప ఉంటే "ల", తలుపు ఉంటే "లు". నిలువు మాట తెలిసేదాకా ఆగాల్సిందే.

ఇదే కొలత ఎలక–ఎలుక, ఉడత–ఉడుత, చెరకు–చెరుకు జంటలకు కూడా సరిపోతుంది. ఉడతలో తేడా గడి "డ" లేదా "డు". మాట చివర "డు" అంటే రాముడు, దేవుడు మొదలు మగవాళ్ళందరూ వస్తారు. మాట మొదట్లో "డు" ఎంత వెతికినా దొరకడం కష్టం, "డ" అయితే డబ్బు ఉంది, డప్పు ఉంది. ఇటిక–ఇటుకలో మాత్రం కొంచెం తేడా. "టి"తో టికెట్టు, టిఫిను మొదలవుతాయి. చివర్లో కోటి, చీటి ఉన్నాయి, చోటు, పోటు కూడా ఉన్నాయి. అందుకని మొదట్లో పడితే ఇటిక అనొచ్చు, చివర పడితే నిలువు ఆధారమే దిక్కు.

డాక్టర్, డాక్టరు సంగతి కూడా ఇలాగే తేలుతుంది. ఆఖరి గడిని కోసే నిలువు మాట ఉంటే, "ర్" అనే పొల్లు ఉన్న మరో మాట అక్కడ పడాలి. అది కూర్పరికే కష్టం. అందుకని కోసే మాట ఉంటే డాక్టరు అని పెన్సిలుతో రాయండి. ఆ గడిని ఎవరూ కోయకపోతే రెండూ రావచ్చు. ఐదో మెట్టులో తేలుతుంది.

మొదటి అక్షరంలోనే తేడా ఉండే జంటలు మిగతావాటికన్నా తేలిక. బతుకు, బ్రతుకు. కొత్త, క్రొత్త. కింద, క్రింద. మోగు, మ్రోగు. వీటిలో వత్తు ఉందా లేదా అన్నదే తగువు. "జీవితం (3)" అనే అడ్డం ఆధారం మొదటి గడి నుంచే నిలువు కూడా మొదలై, దానికి "నాలుగు తలల దేవుడు (2)" అని ఉంటే అది బ్రహ్మ, కాబట్టి మీది బ్రతుకు. అదే నిలువు ఆధారం "చదువుకునే చోటు (2)" అయితే బడి, కాబట్టి బతుకు. ఈ రోజుల్లో పత్రికలు బతుకు, కొత్త, కింద అనే రాస్తాయి. కోసే మాట లేనప్పుడు వత్తు లేని రూపమే రాయండి.

4. ఆధారం ఏ గొంతుతో మాట్లాడుతోందో వినండి

తేడా ఉన్న గడిని ఎవరూ కోయకపోతే ఇక మిగిలింది ఆధారమే. కూర్పరి కొంచెం జాగ్రత్త ఉన్నవాడైతే మాటల్లోనే సైగ చేస్తాడు. "పల్లెటూరి నోట", "వాడుకలో", "జానపదుల", "తెలంగాణలో" అంటే పలికే రూపం. "గ్రాంథికంగా", "పాతకాలపు", "కావ్యాల్లో" అంటే రాత రూపం. ఇవి గడిని తేల్చడానికి వేసినవే, అలంకారానికి కాదు.

సైగ మాట లేకపోయినా ఆధారంలోని పదాల కులగోత్రాలు చూడండి. "వదనం (2)" అంటే సంస్కృతానికి సంస్కృతం, ముఖం. "పల్లెవాసి వదనం (2)" అంటే మొగం. "చిన్నబోయేది (2)" అంటే మొహం, ఎందుకంటే మొహం చిన్నబోయిందనే అంటాం. మూడిటికీ రెండేసి గళ్ళే కనుక ఇక్కడ లెక్క ఏమీ చెప్పదు.

మాటల ఆట ఉన్న ఆధారాలైతే ఇంకా మంచివి. అక్షరాలు అక్కడే ఇచ్చేస్తారు కనుక రూపం తనంతట తానే తేలుతుంది. ఒక ఉదాహరణ చూడండి. "కలచివేసిన పక్షి (3)". కలచివేయడం అంటే ఇక్కడ అక్షరాలను కలగాపులగం చేయడం. క, ల, చి మూడింటినీ అటూ ఇటూ మారిస్తే చి-ల-క. చిలుక రావాలంటే "కలుచి" కావాలి, అలాంటి మాటే లేదు. నిలువు మాటలు ఒక్కటీ తెలియకుండానే ఇది చిలక అని పెన్నుతో రాయవచ్చు. కాబట్టి ఆధారంలో చెదరడం, తిరగబడడం, తల తెగడం, తోక తెగడం లాంటివి కనిపిస్తే, అర్థం బట్టి జవాబు తట్టినా సరే అక్షరాల లెక్క పూర్తిగా వేయండి. జవాబు తట్టింది కదా అని ఆ లెక్క వదిలేస్తే ఉచితంగా వచ్చే సాక్ష్యం పోగొట్టుకున్నట్టే.

5. కూర్పరి పాత సమాధానాలు చూడండి

నోట్‌బుక్కు పేజీ ఇప్పుడు తీయండి. పాత సమాధానాల్లో నాలుగు సంగతులు వెతికితే చాలు. నడుము అన్నారా, నడుం అన్నారా అన్నది ఒకటి. పళ్ళు, కళ్ళు, ఇళ్ళు అన్నారా, పండ్లు, కండ్లు, ఇండ్లు అన్నారా అన్నది రెండు. పొల్లుకు విడి గడి ఇచ్చారా అన్నది మూడు. క్రొత్త, బ్రతుకు లాంటి వత్తులు కోసే మాట అవసరం లేని చోట కూడా వాడారా అన్నది నాలుగు.

చివరి మాట ముఖ్యం. కోసే మాట బలవంతం మీద వచ్చిన రూపం కూర్పరి అలవాటును చెప్పదు, ఆ రోజు అతని అవస్థను చెబుతుంది. ఎవరూ కోయని గడిలో ఏం పెట్టాడన్నదే అతని నాలుక. ఆ గళ్ళనే రాసుకోండి.

పండ్లు అన్నంత మాత్రాన కూర్పరిది తెలంగాణ అని తేల్చేయకండి. పండ్లు, పెండ్లి పాత రాతలో అంతటా ఉన్న రూపాలే. పైగా పళ్ళు అంటే దంతాలనుకుంటారేమోనని తినేవాటికి పండ్లు అని రాసేవాళ్ళు కోస్తాలోనూ ఉన్నారు.

6. అప్పుడు నిఘంటువు

నిఘంటువు రెండు పనులకే. కోసే మాటగా మీరు అనుకుంటున్నది అసలు ఉందా అని చూడ్డానికి, రెండో మెట్టులో చెప్పిన తప్పొప్పులకు. చిలకా చిలుకా అన్న తగువును నిఘంటువు తీర్చదు. రెండూ ఉన్నాయని చెప్పి ఊరుకుంటుంది.

పాత నిఘంటువుల్లో వెతికేటప్పుడు రూపం మార్చి వెతకాలి. 1885 నాటి శబ్దరత్నాకరంలో పుస్తకం దొరకదు, పుస్తకము దొరుకుతుంది. గుర్రం కోసం బండి ఱతో గుఱ్ఱము చూడాలి. తోట తోఁట అని అరసున్నతో ఉంటుంది. "నిఘంటువులో లేదు కాబట్టి ఆ మాట కాదు" అనే ముందు ఈ మూడూ చూశారో లేదో సరిచూసుకోండి. గళ్ళలో మాత్రం అరసున్న రాయరు. బండి ఱ కూడా, ఆధారం ప్రత్యేకంగా అడిగితే తప్ప, మామూలు రగానే రాయండి.

ఒక చిన్న నుడికట్టు నింపి చూద్దాం

మూడు వరుసలు, ఐదు నిలువులు. ■ ఉన్నవి నల్ల గళ్ళు.

| 1 | _ | 2 | _ | 3 |
|---|---|---|---|---|
| _ | ■ | _ | ■ | _ |
| 4 | _ | ■ | 5 | _ |

అడ్డం
1. వరుడు (5)
4. స్వారీకి ఎక్కేది (2)
5. పుట్టలో ఉండేది (2)

నిలువు
1. పాలకు తోడు వేస్తే (3)
2. చిరుధాన్యం (2)
3. వినాయక చవితి నైవేద్యం (3)

అడ్డం 1 చూడగానే మాట తెలిసిపోతుంది. రూపమే తెలియదు. పెళ్ళికొడుకు అన్నా ఐదే, పెండ్లికొడుకు అన్నా ఐదే. విడగొట్టి చూడండి.

పె – ళ్ళి – కొ – డు – కు
పెం – డ్లి – కొ – డు – కు

తేడా మొదటి రెండు గళ్ళలో ఉంది. రెండో గడి కింద నల్ల గడి ఉంది, దాన్ని ఎవరూ కోయరు. అయినా భయం లేదు. ఈ రెండు తేడాలూ జంటగానే నడుస్తాయి. మొదటి గడిలో సున్నా ఉంటే రెండోది డ్లి, లేకపోతే ళ్ళి. కాబట్టి మొదటి గడి తేలితే రెండోదీ తేలినట్టే. ఇప్పుడు నిలువు 1. పాలకు తోడు వేస్తే పెరుగు. మొదటి గడి "పె", "పెం" కాదు. జవాబు పెళ్ళికొడుకు. మీ ఇంట్లో అందరూ పెండ్లి అనే అన్నా ఇక్కడ పెళ్ళి రాయాలి.

ఇదే చోట నిలువు 1 మూడు గళ్ళతోనే "పిల్లల్ని సాకడం" అని ఉంటే పెంపకం వచ్చేది, అడ్డం పెండ్లికొడుకు అయ్యేవాడు. అడ్డం ఆధారంలో ఒక్క అక్షరం మారదు, జవాబు మారిపోతుంది. (అప్పుడు కింద గుర్రం ఉండదనుకోండి, అది వేరే సంగతి.)

పెరుగులో చివరి గడి "గు". అడ్డం 4 దాంతో మొదలు కావాలి, రెండు గళ్ళు. గు-ర్రం. గుర్రము అంటే మూడు గళ్ళవుతుంది, పక్కనే నల్ల గడి ఉంది. లెక్కే తేల్చింది.

నిలువు 2 "కొ"తో మొదలవుతుంది. కొ-ర్ర. పాత పద్ధతిలో కొఱ్ఱ అని రాసేవారు, ఇక్కడ మామూలు రనే రాద్దాం. ఆ గడిని ఎవరూ కోయడం లేదు.

నిలువు 3 "కు"తో మొదలై మూడు గళ్ళు. మీరు ఉండ్రాళ్ళు అనుకుని ఉండవచ్చు, కానీ "కు" ఒప్పుకోదు. కు-డు-ము. నోటితో కుడుం అన్నా సరే, అలా రాస్తే రెండు గళ్ళే. చివరి "ము"ను అడ్డం 5 కూడా ఒప్పుకుంటుంది, పా-ము.

నిండిన తర్వాత ఇలా ఉంటుంది.

| పె | ళ్ళి | కొ | డు | కు |
|---|---|---|---|---|
| రు | ■ | ర్ర | ■ | డు |
| గు | ర్రం | ■ | పా | ము |

7. సరిచూసుకోవడం

నింపేశాక అడ్డం మాటలు వదిలేసి నిలువు మాటలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. తర్వాత అడ్డం మాత్రమే. నింపేటప్పుడు మీ కన్ను ఒక దిక్కు మాటనే చూస్తుంది, ఆ దిక్కులో అంతా బాగానే కనిపిస్తుంది. తప్పు రెండో దిక్కులో దొరుకుతుంది. చిలుక రాసి ఉంటే నిలువులో "లువణం" కనిపిస్తుంది, వెంటనే తెలుస్తుంది. "ఏమో, అలాంటి మాట ఉందేమో" అని సర్దుకోకండి. కోసే మాట వింతగా ఉంటే నూటికి తొంభై సార్లు తప్పు మీరు ముందు రాసిన రూపంలో ఉంటుంది.

తేడా ఉన్న గళ్ళను ఒక్కొక్కటే చూసి, దేన్ని బట్టి తేల్చారో చెప్పుకోండి. లెక్క, కోసే మాట, ఆధారం, పాత అలవాటు, వీటిలో ఏదో ఒకటి చెప్పగలగాలి. "మేం ఇలాగే అంటాం" అన్నదొక్కటే కారణమైతే ఆ గడి ఇంకా తేలలేదు. దాన్ని పెన్సిలుతోనే ఉంచండి.

ఫోనులోనో కంప్యూటర్లోనో నింపేవాళ్ళకు

కాగితం మీద లేని చిక్కులు ఇక్కడ కొన్నున్నాయి. కాగితం మీద ళ్ళు, ళ్లు ఒకటే, సమాధానాలు చూసేవాళ్ళు ఎవరూ పట్టించుకోరు. తెర మీద అవి రెండు వేర్వేరు అక్షరాలు. ళ కింద ళ వత్తు వేరు, ళ కింద ల వత్తు వేరు. మీరు పళ్ళు అని కొట్టి, కూర్పరి పళ్లు అని పెట్టి ఉంటే గడి తప్పు చూపిస్తుంది. మాట మీద నమ్మకం ఉండీ ఎర్రగా చూపిస్తే ముందు వత్తు మార్చి చూడండి, మాట మార్చకండి.

ఇంకొకటి సున్నా. తెలుగు అంకె సున్నా (౦), అక్షరం పక్కన వచ్చే సున్నా (ం) చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ తెరకు అవి వేరు. కొన్ని కీబోర్డుల్లో పొరపాటున అంకె పడుతుంది. గుర్రం సరిగ్గా ఉండీ తప్పంటే ఆ సున్నాను చెరిపి మళ్ళీ కొట్టండి. అంకె అయితే చాలాసార్లు అక్షరానికి కొంచెం దూరంగా నిలబడుతుంది, గుర్తుపట్టవచ్చు.

మూడోది ఫోను తెలివి. మీరు చిలక అని కొడితే చిలుక అని తానే దిద్దే కీబోర్డులు ఉన్నాయి. గడిలో పడ్డాక మరోసారి చూసుకోండి, లేదా నుడికట్టు నింపేంతసేపూ ఆ దిద్దుబాటు ఆపేయండి.

ఇవన్నీ చేసినా తేలకపోతే

తేడా గడిని ఎవరూ కోయరు, ఆధారం మామూలుగా ఉంది, కూర్పరి కొత్తవాడు. అలాంటప్పుడు ఈనాటి పత్రికలో శీర్షికగా వేస్తే ఏ రూపం వాడతారో అదే రాయండి. అంటే బతుకు, కొత్త, గుర్రం, పెళ్ళి. చిలక, చిలుక జంటలో అది కూడా పని చేయదు, పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. అక్కడ నేను చిలుక వైపు మొగ్గుతాను. సందేహం వచ్చినప్పుడు కూర్పరి కూడా నిఘంటువు తెరిచి ఉంటాడు, పాత నిఘంటువుల్లో ఉకారం ఉన్న రూపమే ముందు కనిపిస్తుంది. నాలుక, ఎలుక, ఉడుతలకు కూడా ఇదే పాటిస్తాను.

సమాధానాలు వచ్చాక మీది తప్పని తేలి, రెండు రూపాలకూ సమానంగా చోటుందని మీకు గట్టిగా అనిపిస్తే పత్రికకు ఒక కార్డు రాయండి. ఆధారం సంఖ్య, రెండు రూపాలు, తేడా గడిని ఏ మాటా కోయడం లేదన్న సంగతి, ఈ మూడూ రాస్తే చాలు. నిఘంటువు పేజీలు ఎత్తి రాయనక్కర్లేదు. రెండు జవాబులకు తావిచ్చిన గడి అని చూపిస్తే, రెండిటినీ సరైనవిగా తీసుకునే కూర్పరులు ఉంటారు.